ఇంక్రిమెంటల్ రిఫ్రెష్‌లో సరిచేసిన ధరలు రావట్లేదు: సమాధానం

"ఎనుమాముల యార్డు మిర్చి లాట్ల డేటా టాబ్లో క్లౌడ్‌లో పెట్టినం. రోజూ ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ సక్సెస్ అనే వస్తుంది, కానీ తర్వాత సరిచేసిన ధరలు మారుతలేవు. ఫుల్ పెడితే టైమౌట్. ఏం చేయాలె?"

అన్నా, రిఫ్రెష్ సరిగ్గానే నడుస్తోంది. మీరు పెట్టిన ఇంక్రిమెంటల్ చేసేది ఒక్కటే: మీరు ఎంచుకున్న కాలమ్‌లో, అంటే `lot_id`లో, ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉన్న అతిపెద్ద విలువ కంటే పెద్దవి తెచ్చి కింద చేరుస్తుంది. 5000 దాకా వచ్చాక 4200వ లాటు ధర మారినా, రద్దయినా దానికి తెలియదు. `updated_at` కాలమ్ పెడదామనిపిస్తుంది, పెట్టకండి. పాత వరుస తీసేయకుండా కొత్తది పక్కన చేరుతుంది, ఆ లాటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ముందు ఏదైనా ఒక పాత తేదీకి డేటాబేస్‌లో ఇది నడపండి:

```sql
SELECT COUNT(*), SUM(amount)
FROM lots WHERE lot_date = '2025-02-10';
```

డ్యాష్‌బోర్డులో అదే తేదీతో పోల్చండి. వరుసలు సమానమై మొత్తం తేడా వస్తే, అవి సవరణలు. డ్యాష్‌బోర్డులో వరుసలు ఎక్కువుంటే, రద్దయిన లాట్లు ఇంకా అందులోనే ఉన్నట్టు.

వీటన్నిటినీ సరిచేసేది ఫుల్ రిఫ్రెష్. టాబ్లో క్లౌడ్‌లో ఒక్క రిఫ్రెష్‌కు 2 గంటలే గడువు, కాబట్టి పని తగ్గించాలి. వాడని కాలమ్‌లు హైడ్ చేయండి. అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఎక్స్‌ట్రాక్ట్ ఫిల్టర్: ఈ సీజను, పోయిన సీజను మాత్రమే ఉంచి, ఇక మారని పాత ఏళ్లను వేరే ఎక్స్‌ట్రాక్ట్‌గా షెడ్యూల్ లేకుండా పబ్లిష్ చేయండి. తర్వాత రోజూ రాత్రి ఇంక్రిమెంటల్, ఆదివారం రాత్రి ఫుల్ అని రెండు షెడ్యూళ్లు పెట్టండి. సవరణ వారం మధ్యలోనే కనిపించాలంటే ఫుల్‌ను రోజూ పెట్టండి.