రంగు రాకపోతే క్లోరిన్ లేదని రాసెయ్యకు

అమ్మలూ,

జల్ జీవన్ మిషన్‌లో మీ ఊరి నీళ్లు పరీక్షించడానికి ఎంచుకున్న ఐదుగురు ఆడవాళ్లలో నువ్వూ ఉన్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. నేను ఇన్నేళ్లు చేసిన పని మన ఇంట్లో మళ్లీ ఒకరి చేతికి వచ్చిందని చాలా సంతోషం వేసింది. నీ కిట్టులో నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగును బట్టి చెప్పే డీపీడీ బిళ్లలు, ఆ రంగును పోల్చే చక్రం ఉన్న కంపారేటర్ ఇచ్చారని కూడా చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి టెన్షన్ మొదలైంది. అందుకే తెల్లారగానే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు శిక్షణలో చెప్పే ఉంటారు. కుళాయిని కాసేపు వదిలిపెట్టి పట్టాలి. గాజు గొట్టాన్ని అవే నీళ్లతో రెండు సార్లు కడగాలి. బిళ్లను వేళ్లతో ముట్టుకోకూడదు. పట్టిన నీళ్లను ఇంటికి తీసుకెళ్లి సాయంత్రం చూద్దామనుకోకు, ఎండలో క్లోరిన్ ఎగిరిపోతుంది. ఒకటో నంబరు బిళ్ల కరిగాక నిమిషంలోపే, ఎండకు ఎదురుగా కాకుండా పగటి వెలుగులో రంగు పోల్చు. ట్యాంకు కింద ఒక చోట, పైపు చివరి ఇంట్లో ఒక చోట చూడు. మన దేశపు ప్రమాణం ప్రకారం చివరి ఇంట్లో క్లోరిన్ కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, 1 దాటకూడదు.

ఇక నా భయం సంగతి.

2006లో గోదావరి వరదల తర్వాత డెల్టాలో ఒక ఊరికి మమ్మల్ని పిలిచారు. ఊళ్లో అరవై వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. వరద నీళ్లు కదా అని రోజుకు ఒక కిలో బ్లీచింగ్ పౌడర్ కలపమన్నారు. పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉందనుకుంటే, నిండు ట్యాంకులో లీటరుకు 5 మిల్లీగ్రాములు పడుతుంది. అందులో కొంత నీళ్లలోని మురికికే ఖర్చవుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఆ రోజు కరెంటు లేదు. ట్యాంకులో మూడో వంతు నీళ్లే ఉన్నాయి. అదే కిలో వాటిలో పడేసరికి 5 కాస్తా 15 అయింది.

పరీక్ష చేసే కుర్రాడు శ్రద్ధ గలవాడే. బిళ్ల వేశాడు, నీళ్లు పోశాడు, రంగు రాలేదు. ఇంకో బిళ్ల వేసినా రాలేదు. పుస్తకంలో సున్నా అని రాసి, ‘క్లోరిన్ అసలు లేదు, ఇంకో కిలో వెయ్యండి’ అన్నాడు. ట్యాంకు ఆపరేటర్ వేసేశాడు. మేం వెళ్లేసరికి ఆడవాళ్లు బిందెలు వంపేస్తున్నారు. నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోతున్నామని, పిల్లలకు స్నానం చేయిస్తే కళ్లు మండుతున్నాయని చెప్పారు. పుస్తకంలో మాత్రం సున్నానే ఉంది.

ఆ కుర్రాడిని తిట్టాలనిపించలేదు. అంతకు ముందు వాళ్లంతా వాడింది ఓటీ ద్రావణం. దాంతో క్లోరిన్ పెరిగేకొద్దీ పసుపు ముదిరి నారింజ, ఎరుపు వైపు పోతుంది. క్లోరిన్ ఎక్కువుంటే రంగు ఎక్కువ రావాలి అన్నది వాళ్ల చేతికి అలవాటైపోయింది. డీపీడీకి ఆ సూత్రం ఒక హద్దు దాకానే పనిచేస్తుంది.

ఎందుకో విను. బిళ్లలోని డీపీడీకి మొదట ఏ రంగూ ఉండదు. క్లోరిన్ దాన్ని ఒక మెట్టు ఆక్సీకరణం చేస్తే గులాబీ రంగు పదార్థం తయారవుతుంది. మనం చక్రంతో పోల్చేది దాన్నే. క్లోరిన్ మరీ ఎక్కువుంటే అక్కడితో ఆగకుండా ఆ గులాబీ పదార్థాన్నే ఇంకో మెట్టు ఆక్సీకరణం చేస్తుంది. అప్పుడు వచ్చేదానికి మళ్లీ రంగు ఉండదు. ఒక బిళ్లలో డీపీడీ కొంతే ఉంటుంది కదా, క్లోరిన్ లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు దాటినప్పుడు ఈ ప్రమాదం ఉందనుకో. అంటే రంగులేని గొట్టానికి రెండు అర్థాలున్నాయి, అమ్మలూ. ఒకటి క్లోరిన్ లేకపోవడం, రెండోది తాగలేనంత ఉండటం. చూడ్డానికి రెండూ ఒకటే.

పూర్తిగా తెల్లబడటం కంటే నాకు సగం తెల్లబడటమంటేనే ఎక్కువ భయం. గులాబీలో చాలా భాగం పోయి కొంచెం మిగిలితే, చక్రం మీద చక్కగా 0.3 కనిపిస్తుంది. ‘అంతా బాగుంది’ అని రాసేస్తాం. సున్నా వస్తే ఎవరో ఒకరు అనుమానపడతారు, 0.3ని ఎవరూ అనుమానించరు.

పట్టుకునే దారి ఉంది. అడుగున కొద్ది చుక్కలుంచి బిళ్ల నలిపి, పైన నీళ్లు పోసేటప్పుడు కళ్లు గొట్టం మీదే ఉంచు. గులాబీ ఒక్కసారి మెరిసి మాయమైతే, లేదా చూస్తుండగానే వెలిసిపోతే అది ఎక్కువ క్లోరిన్. బ్లీచింగ్ వాసన గుప్పున వస్తూ రంగు రాకపోయినా అంతే. ముక్కు, గొట్టం చెరో మాట చెబితే పుస్తకంలో అంకె వెయ్యకు.

అప్పుడు నీళ్లు పలచన చేసి చూడు. సూది లేని సిరంజితో 1 మిల్లీలీటరు కుళాయి నీళ్లు తీసి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ 9 మిల్లీలీటర్లు కలుపు. ఆ తర్వాతే బిళ్ల వెయ్యి. ముందే తెల్లబడిన గొట్టంలో నీళ్లు కలిపితే పోయిన రంగు తిరిగి రాదు. వచ్చిన అంకెను పదితో గుణించు. నిజంగా 0.3 ఉన్న నీళ్లయితే పలచన చేశాక దాదాపు రంగే రాదు. పలచన చేశాక రంగు ముదిరిందంటే మొదటి అంకె అబద్ధం. డిస్టిల్డ్ వాటర్‌లో మాత్రం ముందు ఒక బిళ్ల వేసి, రంగు రావడం లేదని చూసుకో. అది క్లోరిన్ ఉన్న నీళ్లయితే లెక్కంతా పోతుంది.

ఆ ఊళ్లో మేం చేసిందీ ఇదే. పది రెట్లు పలచన చేస్తే రంగు మా చక్రంలో చివరి గుర్తు 1.0 కంటే ముదురుగా వచ్చింది. 1 మిల్లీలీటరును మొత్తం 50 చేసి, అందులోంచి పది తీసి చూశాం. 0.5 వచ్చింది. యాభైతో గుణిస్తే 25. రెండు కిలోలకు 30 పడాలి, మిగతాది నీళ్లకే ఖర్చయి ఉంటుంది. లెక్క సరిపోయింది. సరఫరా ఆపించి ట్యాంకు ఖాళీ చేయించాం. ఆ నీళ్లు చేపల చెరువులోకి పోతాయేమోనని కాలువ మొదట్లోనే అడ్డం వేయించాం. చేపలకు అంతకంటే చాలా తక్కువ క్లోరిన్ కూడా ప్రాణం తీస్తుంది. మీ ఊళ్లోనూ చెరువులున్నాయి, మరిచిపోకు.

వయసులో చిన్నదానివని ఎవరైనా ‘సున్నా వచ్చిందిగా, రాసెయ్యమ్మా’ అని తొందరపెడితే ఒప్పుకోకు. పలచన చేసి చూశాకే రాస్తానను. ఎండలో గొట్టాలు పట్టుకుని తిరుగుతావు, తలకు గుడ్డ కట్టుకో, ఏదైనా తిని బయల్దేరు. మీ ట్యాంకు ఎన్ని లీటర్లదో, ఆపరేటర్ పౌడర్‌ని తూకం వేసి కలుపుతున్నాడో డబ్బాతో కొలుస్తున్నాడో, వేసే ముందు నీటి మట్టం చూస్తున్నాడో లేదో కనుక్కుని నాకు రాయి. ఒకటో రెండో సీసాల డిస్టిల్డ్ వాటర్ అయితే అక్కడే దొరుకుతుంది, సిరంజిలు నేను పంపిస్తాను.

మీ మావయ్య