ఆర్‌ఏ ఫ్యాక్టర్ 38 వచ్చింది సరే, ముందు నీ చేతులు చూసుకో

సుధా,

రాత్రి పదకొండున్నరకి నువ్వు పెట్టిన రిపోర్టు ఫొటో పొద్దున కాఫీ తాగుతూ చూశాను. ఆర్‌ఏ ఫ్యాక్టర్ 38, పక్కన 14 లోపు ఉండాలని, ఆ 38 మాత్రం ఎర్రగా. దాని కింద నీ మెసేజ్, "అత్తయ్యా, నాకు కీళ్ళవాతం వచ్చేసిందట, జీవితాంతం మందులేనట" అని. ఎవరన్నారే ఆ మాట? మీ పై ఫ్లాటావిడే అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళు ల్యాబులో కూర్చుని ఇదే టెస్టు చేసి రిపోర్టులు రాసినదాన్ని, డాక్టర్ని కాను గానీ ఈ అంకె ఎంతవరకు మాట్లాడుతుందో, ఎక్కడ నోరు మూసుకోవాలో నాకు బాగానే తెలుసు. ఫోన్లో చెబితే సగం వినవు, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడంటే మిషన్లొచ్చి అంకె ఇస్తున్నాయి గానీ మా రోజుల్లో నల్లటి స్లైడు మీద ఒక చుక్క సీరమ్, ఒక చుక్క తెల్లటి లేటెక్స్ వేసి, పుల్లతో కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపేవాళ్ళం. పాలలాగే ఉండిపోతే నెగెటివ్, విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతే పాజిటివ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి, ఆరేడు నిమిషాల తర్వాత వచ్చి చూసి పాజిటివ్ అని రాసేశాను. అంతసేపు వదిలేస్తే స్లైడు ఆరిపోయి ఊరికే పలుకులు కడుతుంది, అది నాకు తెలుసు, అయినా రాశాను. ఆ అబ్బాయికి అప్పటికే పెళ్ళిచూపులు. మా సార్ మళ్ళీ చేయించబట్టి బతికిపోయాం.

అసలు అక్కడ విరిగేది ఏమిటంటే, మన ఒంట్లో జబ్బుల మీద పోరాడే యాంటీబాడీలు ఉంటాయి కదా, వాటి మీదే తయారయ్యే ఇంకో యాంటీబాడీని రుమటాయిడ్ ఫ్యాక్టర్ అంటారు, నీ రిపోర్టులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ అని ఉన్నది అదే. పేరులో రుమటాయిడ్ ఉంది కాబట్టి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతానికి గుర్తే అనుకుంటారు జనం. కానీ ఒంట్లో ఏ గొడవైనా చాలాకాలం నడిస్తే ఇది పుట్టొచ్చు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ళలో బాగా కనిపిస్తుంది, టీబీలో రావచ్చు, గుండె కవాటాలకు పట్టిన ఇన్‌ఫెక్షన్‌లో రావచ్చు, కళ్ళూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బులో చాలామందికి ఉంటుంది. ఏ జబ్బూ లేని వాళ్ళలో కూడా నూటికి ఐదుగురికి దాకా ఉంటుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. మీ నానమ్మకి 78 ఏళ్ళప్పుడు 60 వచ్చింది తెలుసా? ఆవిడకి ఉన్నది మోకాళ్ళ అరుగుదల ఒక్కటే, పోయేదాకా వేళ్ళు చక్కగా ఉండి సన్నజాజులు మాల కట్టింది.

కాస్త లెక్క చూడు. ఏ వాపూ లేని వెయ్యి మందికి ప్యాకేజీలో కలిపి ఈ టెస్టు చేశారనుకో. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వెయ్యికి పదిమందికి మించి ఉండదు, ఎనిమిది మంది అనుకుందాం. ఆ ఎనిమిది మందిలో ఈ టెస్టుకి దొరికేది ఐదారుగురు. మిగతా వాళ్ళలో, పైన చెప్పిన నూటికి ఐదు చొప్పున, ఏమీ లేకుండానే పాజిటివ్ వచ్చేవాళ్ళు దాదాపు యాభై మంది. అంటే ఎర్ర అంకె చూసి భయపడ్డ యాభై ఐదు మందిలో నిజంగా జబ్బున్నది ఐదారుగురికే. అదే టెస్టు, పొద్దున్నే గంటసేపు వేళ్ళు ముడవలేక, కణుపులు ఉబ్బి వచ్చిన వాళ్ళకి చేస్తే లెక్క తిరగబడుతుంది, అక్కడ పాజిటివ్ అంటే చాలామందికి నిజమే. అందుకే నిన్ను చేతులు చూసుకోమనేది.

పొద్దున లేవగానే బిగుసుకుపోతున్నాయన్నావు. ఎంతసేపు? లేచి, పళ్ళు తోముకుని, పాల ప్యాకెట్ కత్తిరించేసరికి వదిలిపోతే అది అరగంట లోపే, అరుగుదలలోనూ అలసటలోనూ అలాగే ఉంటుంది. పిల్లాడి టిఫిన్ బాక్సు మూత పెట్టలేక మీ ఆయన్ని పిలుస్తున్నావా, ఎనిమిదిన్నరకి గానీ స్కూటీ బ్రేకు పట్టుకోలేకపోతున్నావా, అది వేరే సంగతి. గడియారం పెట్టుకుని వారం రోజులు రాయి. తర్వాత, ఒక చేత్తో రెండో చేతిని, కరచాలనం చేసినట్టు, వేళ్ళు అరచేతిని కలిసే చోట అడ్డంగా పట్టుకుని మెల్లగా నొక్కు. ప్రాణం లాగేసినట్టుందా? ఆ కణుపుల మధ్య గుంటలు కనిపిస్తున్నాయా, పూడిపోయి మెత్తగా ఉబ్బి ఉన్నాయా? గోరు దగ్గరి చివరి కణుపులు మాత్రమే గట్టిగా బొడిపెల్లా ఉంటే అది అరుగుదల పోకడ, రుమటాయిడ్ సాధారణంగా ఆ చివరి వాటిని వదిలేసి మధ్య కణుపుల్నీ మొదటి కణుపుల్నీ మణికట్టునీ పట్టుకుంటుంది, అదీ ఎక్కువగా రెండు చేతులకీ.

ఇంకో ప్రశ్న, ఈ మధ్య జ్వరం వచ్చిందా? చికున్‌గున్యా తగ్గిపోయాక కూడా కొందరికి నెలల తరబడి ఇలాగే పొద్దున బిగుసుకుంటుంది. 2006లో మన దగ్గర చికున్‌గున్యా విరుచుకుపడ్డాక మా ల్యాబుకి వచ్చినవాళ్ళలో సగం మంది చేతులు చాపి చూపించేవాళ్ళే. జ్వరం వచ్చుంటే డాక్టరుకి మొదటి మాటగా చెప్పు.

ఇప్పుడు యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష సంగతి. నీ రిపోర్టులో అది లేదు, ఆర్థరైటిస్ ప్రొఫైల్ అని పేరు పెట్టి యూరిక్ యాసిడ్, ఏఎస్ఓ అనే వేరే టెస్టులు కలిపారు గానీ కావలసినది వదిలేశారు. వాపు ఉన్నప్పుడు, ఒంట్లోని ప్రోటీన్లలో ఒక చిన్న ముక్క మారి సిట్రులిన్ అవుతుంది. కొందరి ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని దాని మీద యాంటీబాడీ తయారు చేస్తుంది, ఈ టెస్టు పట్టేది దాన్నే. పట్టడంలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ కంటే గొప్పదేం కాదు, జబ్బున్న ముగ్గురిలో ఇద్దరినే పడుతుంది. గొప్పతనం ఎక్కడంటే, జబ్బు లేనివాళ్ళ మీద ఊరికే నింద వేయదు. వేరే కీళ్ళ జబ్బులున్న వందమందికి చేస్తే తొంభై అయిదు మందికి నెగెటివే వస్తుంది. కాబట్టి వాపు ఉన్న మనిషికి ఇది పాజిటివ్ వస్తే, అదీ ఎక్కువగా వస్తే, డాక్టర్లు ఇక పెద్దగా సందేహించరు. ఎముక కొరుక్కుపోయే అవకాశం ఎక్కువని తెలుస్తుంది కాబట్టి మందులు తొందరగా, గట్టిగా మొదలుపెడతారు.

నీ లెక్కే వేద్దాం. డాక్టర్లు 2010లో ఒక మార్కుల పట్టీ పెట్టుకున్నారు, పదికి ఆరు గానీ అంతకు మించి గానీ వస్తే రుమటాయిడ్ కింద లెక్క. అయితే మొదటి షరతు, కనీసం ఒక కీలులో నిజమైన వాపు డాక్టరు చేతికి తగలాలి, దానికి వేరే కారణం ఉండకూడదు. తగలకపోతే పట్టీ తెరవడమే లేదు, నీ 38 పక్కన పెట్టేయాలి. తగిలిందనుకో, రెండు చేతుల్లో చూపుడువేలు, మధ్యవేలు కణుపులు, అంటే నాలుగు చిన్న కీళ్ళు, దానికి 3 మార్కులు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ హద్దు 14, దానికి మూడు రెట్లు 42, నీది 38 కాబట్టి తక్కువ పాజిటివ్, 2 మార్కులు. ఆరు వారాలు దాటిందన్నావు, 1. ఒంట్లో వాపుని చూపే సీఆర్పీ టెస్టు పెరిగి ఉంటే ఇంకో 1. మొత్తం 7. సీసీపీ బాగా ఎక్కువొస్తే ఆ 2 కాస్తా 3 అవుతుంది. ఒకవేళ నీకు రెండూ నెగెటివ్ వచ్చుంటే? 3, 1, 1 కలిపి 5, పట్టీలో ఫెయిల్. కానీ ఆ పట్టీ పరిశోధనల కోసం మనుషుల్ని ఒకేలా ఎంచుకోవడానికి చేసినది, ఎదురుగా వాచిన చేయి ఉంటే డాక్టరు అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు, ఇంకో నెల ఆగి చూస్తారు, మందు కూడా మొదలుపెట్టవచ్చు.

ఇది ఎందుకింత చెబుతున్నానంటే, మా ల్యాబులోనే నాతో పనిచేసిన ఒకావిడకి ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్. తన రక్తం తనే పరీక్షించుకుని, నాకేం లేదులే అని ఏడాదిన్నర నొప్పి మాత్రలు మింగింది. ఆ రోజుల్లో సీసీపీ మా ఊళ్ళో చేసేవాళ్ళు లేరు, తర్వాత పెద్దాసుపత్రిలో చేయిస్తే అదీ నెగెటివే. కానీ ఎక్స్‌రేలో మణికట్టు అప్పటికే కొరుక్కుపోయింది. జబ్బున్న నలుగురైదుగురిలో ఒకరికి రెండూ నెగెటివే ఉంటాయి. ఆవిడ తర్వాత మైక్రోస్కోపు స్క్రూ తిప్పలేక రిజిస్టర్ల పనికి మారింది.

దీనికి తిరగేసింది కూడా ఉంది. సీసీపీ పాజిటివ్, వాపు ఎక్కడా లేదు, అప్పుడేం చేయాలి? జబ్బు రావడానికి కొన్నేళ్ళ ముందే ఈ యాంటీబాడీ రక్తంలో కనిపించవచ్చు. అలాగని అందరికీ జబ్బు రాదు. అలాంటివాళ్ళకి సాధారణంగా మందులు మొదలుపెట్టరు, ఏ కీలు వాచినా వెంటనే రమ్మంటారు, సిగరెట్ అలవాటుంటే మానేయమంటారు, ఎందుకంటే ఈ యాంటీబాడీకీ పొగకీ సంబంధం ఉంది.

ఇక నువ్వు చేయకూడనిది ఒకటి. మీ వీధి చివర ఉన్నాయన దగ్గరికెళ్ళి నొప్పి ఇంజెక్షన్ వేయించుకోకు. అది చాలాసార్లు స్టెరాయిడ్. రెండ్రోజుల్లో వాపు మాయమై ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, సరిగ్గా అప్పుడే నీ అపాయింట్‌మెంట్ రోజు వస్తుంది, డాక్టరు చేయి పట్టుకు చూస్తే ఏమీ ఉండదు. ఇప్పటికే వేయించుకుని ఉంటే దాచకుండా చెప్పు.

అంకె తగ్గిందా లేదా అని నెలనెలా ఆర్‌ఏ ఫ్యాక్టర్ చేయించడం కూడా డబ్బు దండగ. మందు పనిచేస్తోందా అని చూసేది వాచిన కీళ్ళు లెక్కపెట్టి, వాపుని చూపే ఈఎస్సార్, సీఆర్పీ టెస్టులు చూసి. ఒంట్లో రక్తం తక్కువుంటే ఈఎస్సార్ దానికదే పెరుగుతుంది, నీకు హిమోగ్లోబిన్ ఎప్పుడూ తక్కువే కదా, ఆ కాగితం కూడా పట్టుకెళ్ళు. అలాగే హెపటైటిస్ బి, సి చేయించమంటే కంగారు పడకు. ఒకటి, నీ 38 అక్కణ్ణుంచి వచ్చిందేమో చూస్తారు. రెండు, మెథోట్రెక్సేట్ లాంటి మందు ఇవ్వాలంటే లివర్ సంగతి ముందే తెలియాలి. ఆ మందు రాస్తే వారానికి ఒక్క రోజే, ఏ రోజో చీటీ మీద రాయించుకో, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే అది రాయకముందే చెప్పాలి.

సీసీపీకి పరగడుపున వెళ్ళక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్ళు. ఎముకల డాక్టరు దగ్గరికి కాదు, కీళ్ళవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరికి. నీకు దొరికేది ఎలాగూ సాయంత్రం అపాయింట్‌మెంటే, అప్పటికి నీ వేళ్ళు మామూలుగా ఉంటాయి, ఆయన అడిగితే "ఇప్పుడు బాగానే ఉందండీ" అని నవ్వేసి వచ్చేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. కాబట్టి రేపు లేవగానే కిటికీ దగ్గర వెలుతురులో రెండు చేతులూ పిడికిలి బిగించినంత బిగించి ఒక ఫొటో తీయించు, పదింటికి మళ్ళీ ఇంకొకటి. రెండూ ముందు నాకు పంపు.

మీ అత్తయ్య