కొత్త మాత్రకి లూజ్ మోషన్స్ ఒకటి, దద్దుర్లు ఇంకొకటి: రెండూ ఒకే గాటన కట్టకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. పన్ను ఇన్ఫెక్షన్‌కి అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625 ఇచ్చారు. రెండో రోజు నుంచి మూడు నాలుగు సార్లు లూజ్ మోషన్స్, కడుపులో తిప్పినట్టుగా ఉంది. నిన్న రాత్రి మాత్ర వేసుకున్నాక చేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు లేచి బాగా దురద పెట్టాయి, పొద్దున్నకి పోయాయి. ఇవన్నీ సైడ్ ఎఫెక్టులేనా, కోర్సు పూర్తి చేసెయ్యనా?

జవాబు: మీరు రాసింది ఒక సమస్య కాదండీ, రెండు. లూజ్ మోషన్స్, కడుపులో తిప్పడం ఈ మందుకి మామూలే, క్లావులనేట్ పేగుల కదలికని పెంచుతుంది, దానికి తోడు యాంటీబయాటిక్ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బ తీస్తుంది. అది ఎలర్జీ కాదు, అందుకే భోజనం మొదలుపెట్టేటప్పుడు మాత్ర వేసుకోమని చెప్తాం, చాలామందికి దాంతోనే తగ్గిపోతుంది. మోషన్‌లో రక్తం పడినా, నీళ్లలా పదే పదే అవుతూ జ్వరం, కడుపు నొప్పి కూడా వచ్చినా మాత్రం ఆగకుండా చూపించుకోండి, అది పేగుల్లో వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు, మోషన్స్ ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకండి.

దద్దుర్ల సంగతి వేరు. మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి లేచాయి అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న, మీరు అది రాయలేదు. గంట లోపు లేచి, ఉబ్బెత్తుగా దురద పెట్టి, కొన్ని గంటల్లో మచ్చ కూడా మిగలకుండా పోయాయంటే అది ఎలర్జీ అని అనుమానించాల్సిందే. అందుకని తర్వాత డోసు వేసుకోకండి, ఇవాళే రాసిచ్చిన డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. నిన్న ఏమీ కాలేదు కదా అని ధైర్యం చేయొద్దు, ఈసారి రియాక్షన్ చర్మం దగ్గరే ఆగుతుందని గ్యారంటీ ఏమీ లేదు. అలాగని పన్నుని గాలికి వదిలేయకండి, చీము అలాగే ఉంటుంది, వేరే మందు అడగండి. అంతేకాదు ఇదే మందు బోలెడు బ్రాండ్ పేర్లతో వస్తుంది, స్ట్రిప్ మీద పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే కాంపోజిషన్ చూడండి, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ కుటుంబం మందులు కనిపిస్తే పక్కన పెట్టి డాక్టర్‌ని అడగండి.

మళ్లీ దద్దురు లేస్తే దాని చుట్టూ పెన్నుతో గీత గీసి టైమ్ రాసి ఫోటో తీసుకోండి. అసలైన దద్దురు ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తుంది, ఒకే చోట 24 గంటలు దాటి ఉండదు. కదలకుండా ఒకేచోట ఉండే ఎర్రటి మచ్చలు కోర్సు మొదలయ్యాక కొన్ని రోజులకి రావచ్చు, అవి ఎక్కువగా అంత ప్రమాదం కావు, కానీ డాక్టర్‌కి చూపించాకే మందు కొనసాగించాలా వద్దా అన్నది.

ఇక ఫోన్ చేసి అడుగుదాం అనుకోకూడని పరిస్థితి ఒకటుంది. పెదాలు, నాలుక వాచడం, గొంతు బిగుసుకున్నట్టు అవడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరిగి పడిపోతున్నట్టుండటం, దద్దుర్లతో పాటు వాంతులు ఆగకుండా అవడం. వీటిలో ఏది వచ్చినా వెంటనే అంబులెన్స్. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, లేపి నడిపించకండి, ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. దీనికి పనిచేసేది తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్. చాలామంది ఇంట్లో ఉన్న సెటిరిజిన్ వేసి అరగంట చూద్దాం అంటారు, ఆ అరగంటే కొంపముంచుతుంది, సెటిరిజిన్ దురదకే గానీ ఊపిరికి కాదు. తగ్గాక కూడా హాస్పిటల్లో కొన్ని గంటలు ఉంచుతారు, ఎందుకంటే కొందరిలో రియాక్షన్ తిరగబెడుతుంది.

ఇంకొకటి, ఇది నెమ్మదిగా వస్తుంది కాబట్టి మాత్రకి దానికి సంబంధం ఉందని తట్టదు. మందు మొదలెట్టిన మొదటి నెలలో జ్వరం వచ్చి, కళ్లు ఎర్రబడి మండి, నోట్లో పుళ్లు పడి, చర్మం దురద కాకుండా నొప్పి పెడుతుంటే, లేదా బొబ్బలెక్కి పొర ఊడుతుంటే మందు ఆపేసి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. యాంటీబయాటిక్స్‌లో సల్ఫా మందులతో, ఫిట్స్‌కి వాడే కార్బమజెపైన్, లామోట్రిజిన్‌తో, యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోప్యూరినాల్‌తో ఇది ఎక్కువగా చూస్తాం.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "పెన్సిలిన్ ఎలర్జీ" అని ఒక్క ముక్కలో రాయించుకోకండి. ఏ మందు, ఎన్నో డోసు, ఎంతసేపటికి, ఏమైంది, ఎలా తగ్గింది అని రాయించండి, లూజ్ మోషన్స్‌ని ఎలర్జీ కాలమ్‌లోకి ఎక్కించొద్దని కూడా చెప్పండి. పెన్సిలిన్ ఎలర్జీ అని రాసుకున్నవాళ్లలో చాలామందికి టెస్ట్ చేస్తే ఎలర్జీ ఉండదు, ఒక్కోసారి ఇన్ఫెక్షన్ వల్ల లేచిన దద్దురు మందు ఖాతాలో పడుతుంది. మీది ఏదో ఇప్పుడే తేల్చలేం, పన్ను తగ్గాక ఎలర్జీ స్పెషలిస్టుని కలిసి టెస్ట్ గురించి అడగండి, అప్పటిదాకా మాత్రం ఈ మందుకి దూరంగా ఉండండి.