పచ్చళ్ళ యూనిట్‌కి మనుషులు: రోజు కూలికా, సీజన్‌కా, నెల జీతానికా?

ప్రశ్న: చిన్న పచ్చళ్ళ యూనిట్ పెడుతున్నాను. మనుషుల్ని రోజు కూలికి పిలుచుకోవాలా, సీజన్‌కి మాట్లాడుకోవాలా, నెల జీతానికి పెట్టుకోవాలా? జీతాల విషయంలో కచ్చితంగా పాటించాల్సినవి ఏంటి?

జవాబు:

నేను నూజివీడు దగ్గర పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మొదటి ఏడు ఖర్చు తగ్గుతుందని అందరినీ రోజు కూలికే పెట్టాను. మే నెలలో పెళ్ళిళ్ళు వచ్చిపడి ఇద్దరు కలిపేవాళ్ళు ఒకేసారి నాగా పెట్టారు, కొట్టిన ముక్కలు రెండు టబ్బులు నల్లబడి పారబోశాను. ఉప్పు, కారం పాళ్ళు చేతిలో ఉన్న మనిషిని, ప్యాకింగ్, స్టాక్ చూసే మనిషిని నెల జీతానికి పెట్టుకోవాల్సిందేనని అప్పుడు అర్థమైంది. కాయలు కొట్టడం, జీడి తీసి టెంక పొర వలవడం, ముక్కలు తుడవడం రెండు నెలల పని, దానికి సీజన్ మనుషులు. మిరపకాయల లోడు దించడం లాంటి అప్పుడప్పుడు పడే పనికి మాత్రమే రోజు కూలి. ఇప్పుడు నా దగ్గర నలుగురు నెల జీతం వాళ్ళు, ఏప్రిల్, మే నెలల్లో మరో తొమ్మిది మంది.

కూలి ఎంతివ్వాలి అంటే ఊళ్ళో నడిచే రేటు ఒక్కటే చూస్తే చాలదు. కార్మిక శాఖ మీ పరిశ్రమకి కనీస వేతనం ప్రకటిస్తుంది, అందులో కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది, కాబట్టి పాత కాగితం పట్టుకుని కూర్చోకండి. నెల అంకెను రోజుకి మార్చేటప్పుడు 30తో కాదు, 26తో భాగించాలి, ఎందుకంటే వారానికి ఒక సెలవు అందులోనే కలిసి ఉంటుంది. ఒకే పనికి ఆడవాళ్ళకి తక్కువ, మగవాళ్ళకి ఎక్కువ ఇవ్వడం మన దగ్గర మామూలే కానీ చట్టం ప్రకారం తప్పు.

అందరూ దెబ్బతినేది కేజీ లెక్కన మాట్లాడుకున్నప్పుడు. మీ పనికి రోజు కనీస వేతనం లెక్క కోసం 450 రూపాయలు అనుకుందాం, కాయ కొట్టడానికి కేజీకి 5 రూపాయలకి ఒప్పుకున్నారు. చేయి తిరిగిన మనిషి 120 కేజీలు కొట్టి 600 తీసుకెళ్తుంది, గొడవ లేదు. కొత్తగా వచ్చిన అమ్మాయి పొద్దంతా కూర్చుని 60 కేజీలే కొట్టింది, లెక్క ప్రకారం 300. కానీ పూర్తి రోజు పని చేసింది కాబట్టి మిగతా 150 మీరు కలిపి 450 ఇవ్వాల్సిందే. రోజూ సగం మందికి ఇలా కలపాల్సి వస్తోందంటే మీ కేజీ రేటే తక్కువని అర్థం, వాళ్ళది బద్ధకం అనుకోకండి.

డబ్బులు ఇచ్చే టైమ్‌కి కూడా లెక్కుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలి ఆ రోజు పని అయిపోగానే, వారం లెక్క అయితే వారాంతపు సెలవుకి ముందు చివరి పనిరోజున, నెల జీతం వచ్చే నెల 7వ తేదీలోపు. మనిషి మానేసినా మీరు తీసేసినా రెండు పనిదినాల్లో మొత్తం తేల్చేయాలి. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రేటు, సీజన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెట్టేవాళ్ళకి ఇది బాగా తగులుతుంది.

నేను పోగొట్టుకున్నది రెండు చోట్ల. ఒక ఏడు మేస్త్రి చేతికి మొత్తం డబ్బు ఇచ్చేశాను, అతను సగం మందికి ఇచ్చి ఫోన్ ఆపేశాడు. ఆడవాళ్ళు వచ్చి మా గేటు దగ్గర కూర్చున్నారు, వాళ్ళది న్యాయమే, పని చేయించుకుంది నేను, మళ్ళీ ఇచ్చాను. అప్పట్నుంచి ఎవరి డబ్బు వాళ్ళ ఫోన్‌పేకే, మేస్త్రికి అతని కమిషన్ వేరు.

రెండోది కార్మికుల వైద్య బీమా, ఈఎస్ఐ. సీజన్ వాళ్ళు లెక్కలోకి రారులే అనుకున్నాను. పది మంది ఉంటే చాలు, అందులో రోజు కూలీలు, సీజన్ వాళ్ళు అందరూ వస్తారు, ఒకసారి పరిధిలోకి వచ్చాక జూన్‌లో మళ్ళీ నలుగురే మిగిలినా బయటపడలేం. నోటీసు వచ్చేసరికి ఏడాది బకాయి వడ్డీతో కట్టాను. యజమాని వాటా 3.25 శాతం, మనిషి వాటా 0.75 శాతం, నెలకి 21,000 లోపు జీతాలకి. మామూలుగా పీఎఫ్ అయితే ఇరవై మందికి మొదలవుతుంది.

రోజు కూలి అని పేరు పెట్టి అదే మనిషిని ఏడాది పొడుగునా పిలిచేవాళ్ళు ఒక్కసారి హాజరు పుస్తకం తిప్పి చూసుకోండి. ఏడాదిలో 240 రోజులు దాటితే ఆ మనిషిని రేపట్నుంచి రావద్దని ఊరికే పంపడం కుదరదు, నోటీసు, పరిహారం లెక్కలోకి వస్తాయి. మా ప్యాకింగ్ ఆవిడకి అలా లెక్కేస్తే 270 తేలాయి, ఆ నెల నుంచే నెల జీతం రాశాను.