డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో అసలు మాట కనపడేలా రాయడం ఎలా?

ప్రశ్న: బెంగళూరులో ఉంటూ తెలుగులో వంటల యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నానండి. డిస్క్రిప్షన్ శ్రద్ధగానే రాస్తాను, కానీ వాట్సాప్‌లో లింకు పంపినా, కంప్యూటర్‌లో చూసినా పైన రెండు ముక్కలే కనపడి మిగతాది దాక్కుంటుంది. ఆ కాస్త చోటులో ఏం రాయాలి, ఎలా రాయాలి?

జవాబు: ముందు అది ఎక్కడెక్కడ తెగుతుందో చూద్దాం, ఎందుకంటే అన్నిచోట్లా ఒకేలా తెగదు. కంప్యూటర్‌లో వీడియో కింద ఉండే పెట్టెలో మొదటి రెండు మూడు లైన్లు కనపడి, ఆ తర్వాత "...more" వస్తుంది. అక్కడ లెక్క స్క్రీను వెడల్పుది. వాట్సాప్‌లో లింకు పెడితే టైటిల్ కింద డిస్క్రిప్షన్ ఆరంభం ఒకటి రెండు లైన్లు వస్తుంది. ఫోన్ యాప్‌లో చాలాసార్లు టైటిల్ కింద వ్యూస్, తేదీ, "...more" మాత్రమే ఉంటాయి, నొక్కితే గానీ డిస్క్రిప్షన్ తెరుచుకోదు. సెర్చ్‌లో అయితే వెతికిన మాటను బట్టి మధ్యలోంచి ఒక ముక్క కూడా తీసి చూపించవచ్చు, అది మన చేతిలో లేదు. కాబట్టి మీరు ప్రధానంగా రాయాల్సింది కంప్యూటర్ పెట్టెకూ, వాట్సాప్ ప్రివ్యూకూ.

ఇంగ్లిష్ సలహాల్లో "మొదటి 150 అక్షరాలు" అని చదివి ఉంటారు. తెలుగుకు ఆ లెక్క వేరు. గుణింతం, పొల్లు, సున్నా దేనికదే ఒక అక్షరంగా కంప్యూటర్ లెక్కపెడుతుంది. "పిండి" మన కంటికి రెండే, దానికి అయిదు. "బెంగళూరు" మనకు నాలుగు, దానికి ఎనిమిది. అందుకని 150 అంటే మనకు పద్దెనిమిది, ఇరవై మాటలకు మించి రావు. నేను చెప్పేది ఇంకా బిగువైన కొలత: అసలు మాట మొదటి ఎనిమిది, తొమ్మిది మాటల్లో అయిపోవాలి.

దీనికి అడ్డుపడేది ఎక్కువగా మన వాక్యం తీరే. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరి కోసం, ఎక్కడ, ఎప్పుడు, ఏ ఇబ్బందికి అన్నవన్నీ ముందు చెప్పుకుంటూ పోయి, ఫలితం ఆఖరున చెప్పడం మనకు అలవాటు. మాట్లాడేటప్పుడు అది అందంగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం కత్తెర సరిగ్గా ఫలితం ముందు పడుతుంది. ఈ డిస్క్రిప్షన్ చూడండి:

"నమస్కారం అండి, మన ఛానల్‌కు స్వాగతం. ఈ రోజు వీడియోలో బెంగళూరు లాంటి చల్లటి ఊళ్ళలో చలికాలంలో ఇడ్లీ పిండి పులియక ఇబ్బంది పడేవాళ్ళ కోసం, సోడా వేయకుండా 12 గంటల్లో పిండి పొంగే పద్ధతి చూపించాను."

150 అక్షరాల దగ్గర ఆపితే ఇది "సోడా వేయకుండా 12" అన్నచోట తెగుతుంది. 12 ఏమిటో తెలియదు. చూసేవాళ్ళకు స్వాగతమూ, వాళ్ళకు ముందే తెలిసిన ఇబ్బందీ దక్కాయి గానీ, పిండి పొంగుతుందన్న కబురు అందలేదు.

దీన్ని సరిచేయడానికి క్రియను పేరు ముందుకు తెచ్చుకోండి. "పిండి పొంగే పద్ధతి చూపించాను" అనే బదులు "పొంగే పిండి" అనండి. "పొంగే, ఉడికే, ముక్క మెత్తబడని, రంగు మారని" లాంటి మాటలు ఫలితాన్ని వాక్యం మొదట్లోకి లాక్కొస్తాయి. "చూపించాను, చెప్పాను, తెలుసుకుందాం" పూర్తిగా తీసేయవచ్చు, వీడియో ఉన్నది చూపించడానికే కదా. అప్పుడు మొదటి లైను ఇలా వస్తుంది:

"బెంగళూరు చలిలోనూ 12 గంటల్లో పొంగే ఇడ్లీ పిండి, సోడా లేకుండా."

కంప్యూటర్ లెక్కలో ఇది 60 అక్షరాలు. సగం చోటు ఇంకా మిగిలే ఉంది. చెన్నై బోరు నీళ్ళతో పప్పు వండే వీడియోకైనా ఇదే పద్ధతి: "ఉప్పునీళ్ళలోనూ మెత్తగా ఉడికే కందిపప్పు" అని మొదలుపెట్టాలి, నీళ్ళ కథతో కాదు.

రెండో లైను పని వేరు. మొదటి లైను చదివినవాళ్ళకు "మా ఇంట్లో కుదురుతుందా?" అన్న అనుమానం వస్తుంది. దానికి జవాబు ఇక్కడ రాయాలి, అంటే కొలతో, కావలసిన వస్తువో, షరతో:

"మినప్పప్పు 1 గ్లాసు, ఇడ్లీ రవ్వ 2 గ్లాసులు, చెంచా మెంతులు. లైటు వేసిన ఓవెన్‌లో 12 గంటలు, ఓవెన్ లేక దుప్పటి చుడితే ఇంకా ఎక్కువసేపు."

ఆ చివరి ముక్క తప్పకుండా ఉండాలి. 12 గంటలు ఓవెన్ ఉన్నవాళ్ళకే అయితే ఆ సంగతి పైనే చెప్పాలి. వాట్సాప్‌లో తెగే చోటు దాటిపోతుందనిపిస్తే కొలతలను కిందికి దింపి, ఓవెన్ మాటను రెండో లైను మొదట్లో పెట్టండి. మాట ఇచ్చి షరతును అడుగున దాస్తే, పిండి పొంగనివాళ్ళు కామెంట్లలో అడుగుతారు, అడగడంలో న్యాయం కూడా ఉంది.

టైటిల్‌నే మళ్ళీ మొదటి లైనుగా రాయకండి. ప్రివ్యూలో రెండూ ఒకదాని కింద ఒకటి కనపడతాయి, ఒక లైను వృథా అవుతుంది. టైటిల్ "చలికాలంలో ఇడ్లీ పిండి పులియాలంటే" అయితే 12 గంటలు, సోడా లేకపోవడం అన్న కొత్త సంగతులు మొదటి లైనుకు ఉంచండి.

పైచోటును తెలియకుండా తినేసేది ఇంకొకటుంది. స్టూడియో సెట్టింగ్స్‌లోని Upload defaults లో సబ్‌స్క్రైబ్ లింకు, ఇన్‌స్టా లింకు, ఆర్డర్ల నంబరు ఒకసారి రాసి పెట్టుకుంటే ప్రతి కొత్త వీడియోకూ అవి ముందే వచ్చి కూర్చుంటాయి. మనం వాటి కింద రాసుకుంటూ పోతాం. అవి ఉండటంలో తప్పులేదు, కర్సర్‌ను అన్నిటికంటే పైకి తీసుకెళ్ళి రాయడం అలవాటు చేసుకోండి. లేదా ఆ డిఫాల్ట్ పాఠం మొదట్లోనే రెండు ఖాళీ లైన్లు వదలండి. హ్యాష్‌ట్యాగులు కూడా అడుగునే ఉండనివ్వండి. వాటిలో మూడింటి వరకు యూట్యూబే తీసి టైటిల్ దగ్గర చూపించగలదు, పైన పెట్టినందువల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

"గిన్నె పెట్టే చోటు 3:40 దగ్గర" అని రెండో లైనులో రాయాలనిపించవచ్చు. చాప్టర్లు వాడేవాళ్ళు అది చేయకండి. చాప్టర్లు రావాలంటే డిస్క్రిప్షన్‌లో రాసే మొదటి సమయం 00:00 అయి ఉండాలి. పైన 3:40 ఉంటే ఆ వరస చెడిపోవచ్చు.

ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవాళ్ళు మనలో చాలామంది. వాళ్ళు కొట్టే మాటలను మూడో లైను నుంచి మామూలు వాక్యంగా రాయండి, పైన రెండు లైన్లలో కలిపేయవద్దు.

చివరగా పరీక్ష. వీడియోను Unlisted గా పెట్టి, లింకును వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తర్వాత కంప్యూటర్‌లో తెరిచి, బ్రౌజర్ కిటికీని సన్నగా లాగి చూడండి. రెండు చోట్లా "పొంగే ఇడ్లీ పిండి" తెగకుండా కనపడితే Public చేయండి. ఈ క్రమం మార్చకండి, ఎందుకంటే ఒకసారి గ్రూపులో వెళ్ళిపోయిన మెసేజ్‌లో ప్రివ్యూ అలాగే ఉండిపోతుంది. తర్వాత మీరు డిస్క్రిప్షన్ దిద్దినా అక్కడ పాత ముక్కే కనపడుతుంది.