ఆసుపత్రి గేటు దగ్గర బోండాల బండికి రూ.80 వేలు ఇవ్వవచ్చా?

"మా వారు మిల్లులో పని మానేశారు. చేతిలో రూ.1.20 లక్షలు ఉన్నాయి. కొబ్బరి బోండాల బండి పెడదామనుకుంటున్నాం. బస్టాండు దగ్గర చోటుకు నెల అద్దె రూ.6 వేలు. ఒక పెద్ద ఆసుపత్రి గేటు పక్కన ఉన్నది రూ.10 వేలు. అక్కడ ఇప్పుడు వ్యాపారం చేస్తున్నతను చోటు వదిలి వెళ్లడానికి రూ.80 వేలు అడుగుతున్నాడు. రోజుకు 150 బోండాలు పోతాయట. ఏది మంచిది?" - ఒక పాఠకురాలు, ఏలూరు

అమ్మా, రెండింటిలో నేనైతే ఆసుపత్రి చోటువైపే మొగ్గుతాను. కానీ రూ.80 వేలు మాత్రం ఇవ్వనివ్వను.

బస్టాండులో జనం ఎక్కువే. అయితే వాళ్ల చూపు బస్సు మీద ఉంటుంది. ఎండాకాలంలో ఆగి తాగుతారు, వాన మొదలైతే పక్కనే టీ కొట్టుకు వెళ్తారు. ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంగతి వేరు. రోగిని చూడడానికి ఎవరూ చేతులు ఊపుకుంటూ వెళ్లరు. ఒక్కొక్కరు రెండు మూడు బోండాలు కొట్టించి సీసాలో పోయించుకుంటారు. వానాకాలంలో బస్టాండు బేరం పడిపోయే రోజుల్లోనే ఇక్కడ జ్వరాల వార్డు నిండుతుంది. చోటుకు విలువ తెచ్చేది ముందు నుంచి నడిచిపోయే జనం కాదు, కొనవలసిన పని ఉండి ఆగే జనం.

ఒక జాగ్రత్త. ఆ ఆసుపత్రిలో ప్రధానంగా ఏ వైద్యం చేస్తారో కనుక్కోండి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి డయాలసిస్ రోగులను సాధారణంగా వాటికి దూరంగా ఉండమంటారు. కిడ్నీ వైద్యానికే పేరున్న ఆసుపత్రి అయితే గేటు ముందు ఎంత రద్దీ ఉన్నా మీకు పెద్దగా పనికిరాదు. ప్రసూతి, జ్వరాల వార్డులు ఉంటే మంచిది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ ఊరి ధరలు కనుక్కుని ఈ అంకెలు మార్చుకోండి. బోండాం రవాణాతో కలిపి రూ.26 పడి, రూ.40కి అమ్ముతారనుకుందాం. పగిలినవి, ముదిరిపోయినవి, స్ట్రాలు, సంచుల ఖర్చు తీసేస్తే అమ్మిన ప్రతి బోండానికి రూ.12 మిగులుతుందనుకోండి. అద్దె, ఖాళీ బోండాలు ఎత్తించే ఖర్చు కలిపి నెలకు రూ.12 వేలు. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి 26 రోజులే లెక్కలోకి తీసుకుందాం.

అతను చెప్పినట్టు రోజుకు 150 పోతే నెలకు 3,900 బోండాలు. ఖర్చులు పోను రూ.34,800 మిగులుతుంది. మీ వారి కష్టానికి రూ.15 వేల జీతం తీసేసినా రూ.19,800 ఉంటుంది, నాలుగైదు నెలల్లో రూ.80 వేలు వెనక్కి వస్తాయి. రోజుకు పోయే బోండాలు 90 మాత్రమే అయితే మిగిలేది రూ.16,080. జీతం పోతే రూ.1,080. అప్పుడు అదే రూ.80 వేలు తిరిగి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. అంటే మీరు కొంటున్నది బండి కాదు, అతను నోటితో చెప్పిన ఆ 150 అనే మాట.

ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సాయంత్రం బండి కట్టేసే వేళకు వెళ్లి వెనక పోగుపడిన ఖాళీ బోండాలను లెక్కపెట్టండి. సోమవారం ఒకసారి, ఆదివారం ఒకసారి, వాన పడ్డ రోజు ఒకసారి. ముందు రోజు కుప్ప ఎత్తేశారో లేదో మాత్రం చూసుకోండి, లేకపోతే రెండు రోజులవి ఒకే రోజువిగా కనిపిస్తాయి. ఇంకా మంచిది, పది రోజులు మీ వారిని అతని పక్కన సహాయకుడిగా నిలబెట్టడం. నిజంగా 150 పోయే చోటైతే అతను కాదనడు. కాదంటే బేరం అక్కడితో ఆపేయండి.

తర్వాత, ఆ నేల ఎవరిది? మున్సిపాలిటీ ఫుట్‌పాత్ అయితే, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం విక్రయ ధ్రువపత్రం ఉన్నవారు దాన్ని గానీ ఆ చోటును గానీ మరొకరికి బదిలీ చేయకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. అలాంటి చోటుకు మీరిచ్చే రూ.80 వేలకు ఏ కాగితమూ అండగా నిలబడదు, నెలనెలా అద్దె అడగడానికీ అతనికి హక్కు లేదు. ప్రైవేటు స్థలమైతే యజమానితో మీ పేరిటే, కనీసం మూడేళ్లకు రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ఆసుపత్రివాళ్లు గేటు మార్చబోతున్నారా, లోపల క్యాంటీన్ పెట్టబోతున్నారా అని సెక్యూరిటీ గార్డులను, ఎదురుగా ఉన్న మందుల షాపువాళ్లను అడగండి. బాగా నడిచే చోటును వదిలి అతను ఎందుకు వెళ్తున్నాడో చాలాసార్లు వాళ్లకే తెలుస్తుంది.

నేల ప్రైవేటుదై, లెక్క 120 దాటి తేలితే ఇలా అడగండి: తోపుడు బండి, కత్తులతో సహా ఇప్పుడు రూ.25 వేలు, అమ్మకాలు అలాగే ఉంటే మూడు నెలల తర్వాత మరో రూ.15 వేలు. మిగిలిన డబ్బులో సరుకుకు, యజమాని అడిగే అడ్వాన్సుకు పోగా కనీసం రూ.40 వేలు బ్యాంకులోనే ఉంచండి. ఒప్పుకోకపోతే అదే ఆసుపత్రికి వెనక గేటు ఉందేమో, రోగుల బంధువులు ఆటో ఎక్కేది ఏ వైపో ఒక రోజు నిలబడి చూడండి.