ఈసాప్ గ్రాంట్ లెటర్‌లో రాజీనామా, బైబ్యాక్ షరతులను ఎలా చదవాలి?

ప్రశ్న: గత నెలలో హైదరాబాద్‌లోని ఒక స్టార్టప్‌లో చేరాను. 4,800 ఈసాప్‌లు, అంటే కంపెనీ షేర్లను ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే ఆప్షన్లు, ఇస్తున్నామని రెండు పేజీల గ్రాంట్ లెటర్ పంపి, వారంలోగా అంగీకారం తెలపమన్నారు. ఇక్కడ మూడేళ్లకు మించి ఉంటానని అనుకోవడం లేదు. సంతకం చేసే ముందు ఏ షరతులు చూసుకోవాలి?

జవాబు: ముందుగా హెచ్ఆర్‌ను ఈసాప్ స్కీమ్ పూర్తి ప్రతి ఇవ్వమని మెయిల్‌లో అడగండి. లెటర్‌లో సాధారణంగా ఆప్షన్ల సంఖ్య, వాటిని షేర్లుగా మార్చుకునేందుకు కట్టాల్సిన ఎక్సర్‌సైజ్ ధర, అవి ఎప్పుడెప్పుడు మీ హక్కు అవుతాయో చెప్పే వెస్టింగ్ పట్టిక మాత్రమే ఉంటాయి. ఉద్యోగం మానేస్తే ఏమవుతుందన్నది వాటాదారులు ఆమోదించిన స్కీమ్‌లో ఉంటుంది. లెటర్‌కూ స్కీమ్‌కూ తేడా వస్తే స్కీమే చెల్లుతుందన్న వాక్యం కూడా లెటర్ చివర తరచుగా కనిపిస్తుంది. నేను రెండో కంపెనీలో చేరినప్పుడు లెటర్‌లో ‘రాజీనామా విషయంలో స్కీమ్ నిబంధనలు వర్తిస్తాయి’ అన్న ఒక్క ముక్క ఉంది. స్కీమ్ తెరిచి చూస్తే ఆ ముక్క వెనక ఒకటిన్నర పేజీల షరతులు ఉన్నాయి.

వెస్టింగ్ విషయంలో రెండు తేదీలు చూడండి. మొదటిది గ్రాంట్ తేదీ. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన నిబంధనల ప్రకారం గ్రాంట్‌కూ మొదటి వెస్టింగ్‌కూ మధ్య కనీసం ఏడాది ఉండాలి. ఆ ఏడాది మీరు చేరిన రోజు నుంచి కాక గ్రాంట్ తేదీ నుంచి మొదలవుతుంది. ఏప్రిల్‌లో చేరినవారికి బోర్డు అక్టోబరులో గ్రాంట్ ఆమోదిస్తే, వారి మొదటి వెస్టింగ్ మరుసటి అక్టోబరులోనే. రెండోది వెస్టింగ్ ఆగిపోయే తేదీ. కొన్ని స్కీములు చివరి పనిదినం వరకు లెక్కిస్తాయి, కొన్ని రాజీనామా ఇచ్చిన రోజునే ఆపేస్తాయి. నెలకు 100 ఆప్షన్లు వెస్ట్ అవుతూ నోటీసు కాలం మూడు నెలలైతే, ఈ ఒక్క మాట మీద 300 ఆప్షన్లు ఆధారపడి ఉంటాయి. ఆలోగా వెస్ట్ కానివి రాజీనామాతో రద్దవుతాయి. మరణం సంభవిస్తే మాత్రం అప్పటివరకు గ్రాంట్ చేసినవన్నీ వారసులకో నామినీకో, శాశ్వత వైకల్యం వస్తే ఉద్యోగికే వెస్ట్ కావాలని అవే నిబంధనలు చెబుతున్నాయి.

మూడేళ్లలో మానేయాలనుకునే మీకు అన్నిటికంటే ముఖ్యమైనది, వెస్ట్ అయిన ఆప్షన్లను రాజీనామా తర్వాత ఎన్ని రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయాలన్న గడువు. చాలా స్కీముల్లో ఇది 90 రోజులు, కొన్నింటిలో 30 రోజులే. నాలుగేళ్ల వెస్టింగ్, ఏడాది క్లిఫ్, అంటే ఏడాది నిండాకే ఒకేసారి 1,200, ఆ తర్వాత నెలకు 100 చొప్పున అనుకుందాం. గ్రాంట్ నుంచి 30 నెలలు గడిచాక మానేస్తే మీకు 3,000 ఆప్షన్లు వెస్ట్ అయి ఉంటాయి. ఎక్సర్‌సైజ్ ధర 100 రూపాయలు, ఆనాటి షేరు విలువ 900 రూపాయలు అనుకోండి. షేర్ల కోసం కంపెనీకి 3 లక్షలు కట్టాలి. ఒక్కో షేరుపై 800 రూపాయల తేడా, అంటే మొత్తం 24 లక్షలు, మీ జీతంలో భాగంగా పన్నుకు లోబడుతుంది. 30 శాతం శ్లాబు, దానిపై 4 శాతం సెస్ కలిపి ఆ పన్ను 7,48,800 రూపాయలు. లిస్ట్ కాని కంపెనీలో అమ్ముకోవడానికి వీల్లేని షేర్ల కోసం గడువులోగా దాదాపు పదిన్నర లక్షలు చేతి నుంచి పెట్టాలి. పెట్టలేకపోతే రెండున్నరేళ్లు సంపాదించుకున్న ఆప్షన్లు పోతాయి. మంచి ఇంజనీర్లు ఇలా మొత్తం వదులుకుని వెళ్లడం నేను కళ్లారా చూశాను. అందుకే ఈ లెక్క సంతకానికి ముందే వేయాలని గట్టిగా చెబుతున్నాను.

స్టార్టప్‌ల ఉద్యోగులకు ఈ పన్ను వాయిదా ఉందని ఎవరైనా భరోసా ఇస్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే గుర్తింపు ఒక్కటే దానికి చాలదు, అంతర్ మంత్రిత్వ బోర్డు సర్టిఫికెట్ కూడా ఉండాలి. పైగా ఉద్యోగం మానేసిన రోజుతోనే ఆ వాయిదా ముగుస్తుంది కాబట్టి, వెళ్లిపోయేవారికి అది పెద్దగా పనికిరాదు.

రాజీనామా తర్వాతి ఎక్సర్‌సైజ్ గడువును మార్చమని అడగవచ్చు. ఒక్కరి కోసం స్కీమ్‌ను మార్చరు. కానీ గడువు ఎంతో చెప్పే వాక్యంలోనే ‘బోర్డు వేరే విధంగా నిర్ణయిస్తే తప్ప’ అని తరచుగా ఉంటుంది. నేను ఆ వాక్యాన్నే చూపించి, కనీసం రెండేళ్లు పనిచేస్తే వెస్ట్ అయిన ఆప్షన్లను ఐపీఓ లేదా కంపెనీ అమ్మకం వరకు ఉంచుకునే వీలు నా గ్రాంట్ లెటర్‌లో రాయమని అడిగాను. వారు అయిదేళ్ల గడువుకు ఒప్పుకుని, బోర్డు తీర్మానం తేదీతో సహా లెటర్‌లో చేర్చారు. అడగడానికి అనువైన సమయం ఇదే. రాజీనామా ఇచ్చాక మీ మాటకు అంత బలం ఉండదు.

తర్వాత ‘కాజ్’ అన్న పదానికి స్కీమ్ ఇచ్చిన నిర్వచనం చదవండి. ఆ కారణంతో తొలగిస్తే వెస్ట్ అయినవి కూడా రద్దవుతాయని చాలా స్కీముల్లో ఉంటుంది. మోసం, డేటా దొంగతనం వంటివి ఉండటం సబబే. పోటీ కంపెనీలో చేరడాన్నీ, ‘సంతృప్తికరంగా లేని పనితీరు’నూ అందులో కలిపితే మాత్రం స్పష్టత అడగండి.

బైబ్యాక్ అన్న మాట కింద రెండు వేర్వేరు విషయాలుంటాయి. ఒకటి, కంపెనీ అప్పుడప్పుడు డబ్బిచ్చి ఆప్షన్లను లేదా షేర్లను తీసుకునే కార్యక్రమం. స్కీమ్‌లో దీని గురించి ‘కంపెనీ చేయవచ్చు’ అనే ఉంటుంది తప్ప ‘చేయాలి’ అని దాదాపుగా ఉండదు. ప్రస్తుత ఉద్యోగులకే పరిమితం చేసే అవకాశం కూడా ఉంది కాబట్టి, మాజీ ఉద్యోగుల ప్రస్తావన ఉందేమో చూడండి. దీన్ని నమ్మి ఇంటి అప్పు లెక్కలు వేసుకోవద్దు.

రెండోది, ఉద్యోగం మానేసినవారి షేర్లను తిరిగి కొనే హక్కును కంపెనీ తన దగ్గరే ఉంచుకోవడం. ఇందులో ధరే ప్రాణం. ‘ఎక్సర్‌సైజ్ ధర, మార్కెట్ విలువ, ఈ రెండిటిలో తక్కువది’ అని రాసి ఉంటే, పై ఉదాహరణలో మీకు తిరిగి వచ్చేది 3 లక్షలే. కట్టిన 7,48,800 రూపాయల పన్నును ప్రభుత్వం వెనక్కి ఇవ్వదు. మామూలు రాజీనామాకు మార్కెట్ విలువ, తప్పు చేసి తొలగింపబడినవారికి మాత్రం తక్కువ ధర అన్న విభజన ఉంటే అది న్యాయమైన షరతు. మార్కెట్ విలువను ఎవరు నిర్ణయిస్తారో కూడా రాసి ఉండాలి. ఎక్సర్‌సైజ్ పన్ను కోసం లిస్ట్ కాని షేర్ల విలువను మర్చంట్ బ్యాంకర్ నిర్ణయిస్తారు. తిరిగి కొనేటప్పుడు మాత్రం ‘బోర్డు నిర్ణయించిన విలువ’ అంటే, ఎక్కువ విలువపై పన్ను కట్టి తక్కువ విలువకు అమ్ముకోవాల్సిన పరిస్థితి రావచ్చు. రెండు సందర్భాలకూ ఒకే పద్ధతి ఉండాలని అడగండి.

హెచ్ఆర్ నోటిమాటగా చెప్పిన వివరణలను మీరే మెయిల్‌లో రాసి, సరేనని జవాబు తెప్పించుకోండి. అంగీకారం తెలిపిన రోజున అమల్లో ఉన్న స్కీమ్ ప్రతిని మీ సొంత మెయిల్‌లో భద్రపరచుకోవడానికి కంపెనీ అనుమతి తీసుకోండి. ఎక్సర్‌సైజ్ చేయని ఆప్షన్ల షరతులను ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించకూడదని 2014 నిబంధనల్లో ఉంది. సవరణ నష్టం చేసిందో లేదో తేల్చాలంటే పాత ప్రతి మీ దగ్గర ఉండాలి.